హంద్రీకి అటూ ఇటూ: కర్నూలులో 22 మందుల షాపులకు డెలివరీ వరుస

కర్నూలులో ఒక మందుల హోల్‌సేల్ సంస్థ ఉంది. దాని గోడౌన్ హంద్రీకి ఈవల, పాతబస్తీ ఉన్న ఒడ్డున ఉంటుంది. రోజూ ఉదయం ఒక ట్రాలీ ఆటో అక్కడ బయల్దేరి, 22 మెడికల్ షాపులకు సరుకు దించి, బిల్లుల మీద సంతకాలు తీసుకుని, తిరిగి గోడౌన్ చేరాలి. ఆ షాపుల్లో 13 గోడౌన్ ఉన్న ఒడ్డునే ఉన్నాయి. మిగతా 9 నది దాటాక కల్లూరు వైపు ఉన్నాయి. ఏ షాపు తర్వాత ఏ షాపుకి పోతే మొత్తం తిరుగుడు తగ్గుతుందో చెప్పమని యజమాని అడిగారు.

ఇది ట్రావెలింగ్ సేల్స్‌మన్ ప్రాబ్లమ్. 22 షాపులను వరుసలో పెట్టే విధానాలు 22 ఫ్యాక్టోరియల్, అంటే 1 పక్కన 21 సున్నాలు పెడితే వచ్చే సంఖ్య కంటే కాస్త ఎక్కువ. అన్నీ లెక్కించి చూడటం కుదరదు. అందుకే ఈ సమస్య ఎదురైన వెంటనే చాలామంది మంచి అల్గారిథమ్ కోసం వెతుకుతారు. ఈ కేసులో నేను గమనించింది వేరు. ఇక్కడ అన్నిటినీ నిర్ణయించింది హంద్రీ. దాన్ని పట్టించుకోకపోతే జవాబు పాడవుతుంది. సరిగ్గా పట్టించుకుంటే, అసాధ్యంగా కనిపించిన లెక్క మామూలు ల్యాప్‌టాప్ మీద, ఉజ్జాయింపు లేకుండా, కచ్చితంగా తేలుతుంది.

గాలి దూరం చేసే మోసం

సంస్థ అప్పటికే ఒక చిన్న స్క్రిప్ట్ వాడి చూసింది. షాపుల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, ఉన్న చోటు నుంచి అన్నిటికంటే దగ్గరి షాపుకి, అక్కడి నుంచి మళ్లీ దగ్గరి షాపుకి పొమ్మని చెప్పే స్క్రిప్ట్ అది. దూరాన్ని సరళరేఖలో కొలిచేది. కర్నూలులో అలా కొలవకూడదు. ఉత్తరాన తుంగభద్ర ఉంది. హంద్రీ ఊరి మధ్యగా వచ్చి దాంట్లో కలుస్తుంది. సుంకేశుల నుంచి వచ్చే కె.సి. కాలువ కూడా ఊరిని కోసుకుంటూ పోతుంది. ఎదురుగా కనిపించే షాపుకి పోవాలన్నా ముందు వంతెన దాకా పోవాలి.

ఎంత తేడా వస్తుందో ఒక చిన్న బొమ్మతో చూపిస్తాను. అంకెలు తేలిగ్గా ఉండటానికి గుండ్రంగా వేసుకున్నాను. నది ఒక నిలువు గీత, దాని మీద ఒకే వంతెన, వంతెన పొడవు అర కిలోమీటరు. గోడౌన్ ఈవలి గట్టు రోడ్డు మీదే, వంతెన మొదలుకి దిగువన ఒక కిలోమీటరు దూరం. ఈవలి గట్టు రోడ్డు మీద, వంతెన నుంచి ఎగువకు అర కిలోమీటరు, ఒకటిన్నర, రెండున్నర కిలోమీటర్ల దగ్గర మూడు షాపులు: అ, ఆ, ఇ. వాటికి సరిగ్గా ఎదురుగా, ఆవలి గట్టున మూడు షాపులు: క, ఖ, గ. గాలిలో కొలిస్తే అ నుంచి క అర కిలోమీటరే.

దగ్గరి షాపు పద్ధతి ఏం చేస్తుంది? గోడౌన్ నుంచి అ, ఎదురుగా ఉన్న క, పక్కనున్న ఖ, ఎదురుగా ఉన్న ఆ, పక్కనున్న ఇ, ఎదురుగా ఉన్న గ, చివరకు గోడౌన్. కాగితం మీద మొత్తం ఎనిమిదిన్నర కిలోమీటర్లు వస్తుంది. రోడ్డు మీద అదే వరుసలో బండి నడిపితే 18 కిలోమీటర్లు అవుతుంది. ఎందుకంటే బండి నాలుగుసార్లు వంతెన దాటింది. ఇ నుంచి గ కి పోవడానికే రెండున్నర కిందికి, అర వంతెన మీద, మళ్లీ రెండున్నర పైకి, మొత్తం అయిదున్నర. అదే ముందు అ, ఆ, ఇ ముగించి, వెనక్కి వచ్చి వంతెన దాటి, క, ఖ, గ ముగించి ఇంటికి వస్తే 13 కిలోమీటర్లు. ఒకే వంతెన ఉన్నప్పుడు ఇంతకంటే తగ్గించడం కుదరదు.

ఇప్పుడు ఎగువన, వంతెన నుంచి మూడు కిలోమీటర్ల దగ్గర ఇంకో వంతెన ఉందనుకుందాం. ఈవలి గట్టు మీదుగా పైకి పోయి, ఎగువ వంతెన దాటి, ఆవలి గట్టు మీదుగా కిందికి వచ్చి, దిగువ వంతెన మీదుగా తిరిగొస్తే 9 కిలోమీటర్లు. షాపులు మారలేదు, సరళరేఖ దూరాలు మారలేదు, ఒక వంతెన వచ్చింది. జవాబు 13 నుంచి 9 కి దిగింది. దగ్గరి షాపు పద్ధతి ఇచ్చిన పాత వరుస మాత్రం కొత్త వంతెన ఉన్నా 14 కిలోమీటర్లే తిప్పుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ బొమ్మలో గాలి దూరానికే సిసలైన అత్యుత్తమ వరుస కట్టి, దాన్ని ఒకే వంతెన మీద నడిపినా 13 వస్తుంది. షాపులు రెండు తిన్నని వరుసల్లో ఉన్నాయి కాబట్టి అలా కుదిరింది. షాపులు చెదిరి ఉన్న చోట ఆ అదృష్టం ఉండదు, అల్గారిథమ్ ఎంత మంచిదైనా సరే.

నిమిషాల పట్టిక ఎలా కట్టాం

కాబట్టి మొదట కావలసింది ప్రతి జతకూ రోడ్డు మీద పట్టే సమయం. గోడౌన్‌తో కలిపి 23 చోట్లు, 23 వరుసలు, 23 నిలువులు ఉన్న పట్టిక. దీనికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా, దాని మీద దారులు లెక్కించే ఓఎస్ఆర్ఎమ్ సర్వర్ వాడాం. దక్షిణ భారతం మొత్తానికి ఒకే ఫైల్ దొరుకుతుంది.

```
osrm-extract -p car.lua southern-zone-latest.osm.pbf
osrm-partition southern-zone-latest.osrm
osrm-customize southern-zone-latest.osrm
osrm-routed --algorithm mld southern-zone-latest.osrm
```

తర్వాత `table` సర్వీసును అడిగితే పట్టిక సెకన్లలో వస్తుంది. పట్టిక రావడం తేలికే, అది నిజమో కాదో చూసుకోవడంలోనే పని ఉంటుంది.

మొదటి పరీక్ష చాలా సాదా. ఈ సర్వర్‌కి రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత ఇవ్వాలి. ఫోన్లో మ్యాప్ చూపించేది దీనికి తలకిందులు. కర్నూలు సుమారు 15.83 ఉత్తర అక్షాంశం, 78.04 తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. వాటిని తారుమారు చేస్తే ఆర్కిటిక్‌లో నార్వేకి చెందిన స్పిట్స్‌బెర్గెన్ దీవిలో తేలతాం. సర్వర్ ఎర్రర్ చూపించకపోవచ్చు. తన దగ్గరున్న మ్యాప్‌లో అక్కడికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న రోడ్డును పట్టుకుంటుంది. 23 చోట్లూ దాదాపు ఒకే చోటికి అతుక్కుంటాయి కాబట్టి పట్టిక నిండా సున్నాలో చిన్న అంకెలో కనిపిస్తాయి. అది చూస్తే తారుమారు జరిగిందని తెలిసిపోతుంది.

రెండోది అతుక్కునే చోటు. షాపు ఉన్న పాయింట్‌ను సర్వర్ దగ్గరి రోడ్డుకు తెచ్చి అతికిస్తుంది. కాలువ గట్టు పక్కన ఉన్న షాపు కాలువ అవతలి రోడ్డుకు అతుక్కుందంటే, ఆ షాపుకి సంబంధించిన వరుస, నిలువు మొత్తం తప్పే. దీన్ని పట్టుకోవడానికి `nearest` సర్వీసులో ప్రతి షాపుకీ వచ్చే `distance` చూశాం. 20 మీటర్లు దాటిన ప్రతిదాన్నీ మ్యాప్ మీద కంటితో చూసి, పాయింట్‌ను షాపు మెట్ల ముందున్న రోడ్డు మీదికి జరిపాం. 22 షాపులకు ఇది చేతితో చేసుకోగల పని. ఇందులో బద్ధకిస్తే ఆ తర్వాత చేసేదంతా వృథా.

మూడోది వేగాలు. `car.lua` లో రోడ్డు తరగతిని బట్టి వేగం రాసి ఉంటుంది. `primary` కి గంటకు 65 కిలోమీటర్లు, `residential` కి 25. ఊరి మధ్య `primary` మీద ట్రాలీ ఆటో 65 లో పోదు. అయితే ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. అన్ని రోడ్ల వేగాలూ ఒకే నిష్పత్తిలో తప్పైతే గడియారం తప్పుతుంది, వరుస మారదు. పెద్ద రోడ్డు మీద అంచనా రెండున్నర రెట్లు ఎక్కువై, సందులో దాదాపు సరిగ్గా ఉంటేనే ప్రమాదం. అప్పుడు లెక్క ప్రతిసారీ బండిని పెద్ద రోడ్డు మీదికి చుట్టు తిప్పుతుంది. అందుకని ఆటోలో కూర్చుని, ఏ తరగతి రోడ్డు మీద ఎంత వేగం పడుతోందో చూసి, పెద్ద రోడ్ల అంకెలను దించాం. ప్రతి సందుకూ విడిగా కొలవలేదు, అంత అవసరం రాలేదు.

డివైడర్ ఉన్న రోడ్డు

కల్లూరు వైపున్న షాపుల్లో కొన్ని డివైడర్ ఉన్న రోడ్డు మీద ఉన్నాయి. మనం ఎడమ వైపు నడుపుతాం. షాపు మన ఎడమ చేతి వైపు ఉంటే బండి ఆపి పెట్టె దించేయవచ్చు. కుడి వైపు ఉంటే డివైడర్ తెరిచి ఉన్న చోటు దాకా పోయి, యూటర్న్ తీసుకుని వెనక్కి రావాలి. అంటే ఒక షాపు నుంచి పక్క షాపుకి రెండు నిమిషాలు పడితే, తిరుగు దిశలో ఆరు నిమిషాలు పట్టవచ్చు. పట్టికలో అ నుంచి ఆ కి ఉన్న అంకె, ఆ నుంచి అ కి ఉన్న అంకె వేర్వేరు అవుతాయి.

ఈ తేడా పట్టికలోకి రావాలంటే రెండు పనులు చేయాలి. సర్వర్‌ను అడిగేటప్పుడు ప్రతి పాయింట్‌కీ `approaches` లో `curb` అని ఇవ్వాలి. అప్పుడే షాపు ఉన్న వైపు నుంచే చేరుకునే దారి చూస్తుంది. రెండోది, `car.lua` లో `left_hand_driving` మొదట `false` గా ఉంటుంది. దాన్ని `true` చేసి `osrm-extract` నుంచి కమాండ్లన్నీ మళ్లీ నడపాలి. చేయకపోతే `curb` పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది గాని అన్ని షాపులనూ కుడి చేతి వైపు ఉంచి లెక్క కడుతుంది. డివైడర్ రోడ్డు మీద మీకు బాగా తెలిసిన రెండు షాపులు తీసుకుని, ఏ దిశలో ఎక్కువ సమయం చూపిస్తోందో చూడండి. మీకు తెలిసినదానికి ఉల్టాగా వస్తే కారణం ఇదే.

పట్టికను దాని తిరగేసిన రూపంతో పోల్చి చూడటం కూడా మంచి అలవాటు. డివైడర్లున్న ఊళ్లో రెండు దిశల అంకెలు అంతటా దాదాపు ఒకేలా ఉన్నాయంటే, మ్యాప్‌లో ఆ రోడ్డును ఎవరో రెండు ఒంటిదారి గీతలుగా కాకుండా ఒకే గీతగా గీశారని అర్థం. అప్పుడు మ్యాప్‌నే సరిచేయాలి.

రెండు దిశలు సమానం కాని ఈ గుణం అల్గారిథమ్‌ను కూడా దెబ్బతీస్తుంది. వరుసను మెరుగు చేయడానికి అందరికీ మొదట గుర్తొచ్చేది 2-ఆప్ట్. వరుసలో ఒక ముక్కను తిరగేసి, లాభమైతే ఉంచుకోవడం దాని పద్ధతి. లాభాన్ని త్వరగా లెక్కించడానికి ముక్క రెండు చివర్లలో మారే అంకెలనే చూస్తారు, లోపలివి మారవనుకుంటారు. రెండు దిశలూ సమానమైతే అది నిజమే. డివైడర్ ఉంటే కాదు.

ఒక ముక్కలో ప, ఫ, బ అనే మూడు షాపులున్నాయనుకోండి. ముందు షాపు నుంచి ప కి 4 నిమిషాలు, ప నుంచి ఫ కి 2, ఫ నుంచి బ కి 2, బ నుంచి తర్వాతి షాపుకి 5. తిరగేస్తే ముందు షాపు నుంచి బ కి 5, ప నుంచి తర్వాతి షాపుకి 2. చివర్లు మాత్రమే చూస్తే 9 నిమిషాలు 7 అయ్యాయి, రెండు నిమిషాలు లాభం. కానీ లోపల రెండు రెండు నిమిషాలు పట్టినవి ఇప్పుడు ఆరు ఆరు నిమిషాలు పడతాయి. ఎనిమిది నిమిషాలు పెరిగాయి. నికరంగా ఆరు నిమిషాలు నష్టం. ప్రోగ్రామ్ మాత్రం లాభమని సంబరంగా తీసుకుంటుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. చివర్న వరుసను మొదటి నుంచి కూడి చూడండి. ప్రోగ్రామ్ చెప్పే మొత్తానికీ ఈ కూడికకూ తేడా ఉంటే ఈ తప్పు జరిగినట్టే.

రెండు దిశలు వేరైన పట్టికకు ఓర్-ఆప్ట్ చక్కగా నప్పుతుంది. అది ఒకటి నుంచి మూడు షాపుల ముక్కను తీసి, దిశ మార్చకుండా, ఇంకో చోట దూరుస్తుంది. 22 షాపులకు ప్రతిసారీ మొత్తం కూడినా సమయం పట్టదు.

```python
def cost(t):
    return sum(M[a][b] for a, b in zip(t, t[1:]))

def step(t):
    best = t
    for k in (1, 2, 3):
        for i in range(1, len(t) - k):
            seg, rest = t[i:i+k], t[:i] + t[i+k:]
            for j in range(1, len(rest)):
                c = rest[:j] + seg + rest[j:]
                if cost(c) < cost(best):
                    best = c
    return best
```

వరుస మొదట్లో, చివర్న గోడౌన్ ఉండాలి. జవాబు మారడం ఆగేదాకా `step` ను పిలుస్తూ పోవాలి. వేర్వేరు మొదళ్ల నుంచి నడిపి చూస్తే మంచి వరుస దొరుకుతుంది. కానీ అది అన్నిటికంటే మంచిదని ఇది చెప్పదు.

కల్లూరు మొత్తం ఒకే షాపు

ఇక్కడే నది మనకు సాయం చేస్తుంది. వంతెన ఒకటే అయితే బండి ఆవలి ఒడ్డుకు రెండుసార్లు పోవలసిన అవసరమే లేదు. ఆవలి ఒడ్డున ప్రతి తిరుగుడూ వంతెన చివర మొదలై అక్కడే ముగుస్తుంది. రెండు తిరుగుళ్లుంటే వాటిని వెంటవెంటనే చేసేసి, మధ్యలో వచ్చిపోయే వంతెన ప్రయాణాన్ని మిగుల్చుకోవచ్చు. ఈవలి ఒడ్డున కూడా ముక్కలన్నీ వంతెన మొదలు దగ్గరే కలుస్తాయి కాబట్టి ఏదీ తెగదు.

అంటే సమస్య రెండు ముక్కలవుతుంది. కల్లూరులో 9 షాపులను వంతెన నుంచి వంతెనకు తిరిగి రావడం ఒకటి. ఈవల 13 షాపులు, వాటితోపాటు 'కల్లూరు' అనే పద్నాలుగో షాపు, ఇది రెండోది. మా బండికి పనికొచ్చే వంతెనలు రెండున్నాయి, ఎగువది ఒకటి, దిగువది ఒకటి. అప్పుడు కల్లూరు అనే షాపుకి లోపలికి పోయే గుమ్మం ఒకటి, బయటికి వచ్చే గుమ్మం ఇంకొకటి ఉండవచ్చు. పట్టిక ఎలాగూ రెండు దిశలకూ వేర్వేరు అంకెలు ఒప్పుకుంటుంది కాబట్టి దీన్ని అలాగే రాసేయవచ్చు. కల్లూరుకి పోయే నిలువులో ప్రవేశించే వంతెన దాకా పట్టే సమయం, కల్లూరు నుంచి వచ్చే వరుసలో బయటికొచ్చే వంతెన నుంచి పట్టే సమయం. ప్రవేశం, నిష్క్రమణ కలిపి నాలుగు జతలు, నాలుగు లెక్కలు.

ఇంత చిన్న లెక్కలకు ఉజ్జాయింపు అక్కర్లేదు. 1962లో హెల్డ్, కార్ప్ ప్రచురించిన డైనమిక్ ప్రోగ్రామింగ్ పద్ధతి ఉంది. ఇప్పటిదాకా తిరిగిన షాపులు ఏవి, ఇప్పుడు ఏ షాపు దగ్గర ఉన్నాం, ఈ రెండు తెలిస్తే చాలు. అక్కడికి ఏ వరుసలో వచ్చామన్నది ముందు ప్రయాణానికి అనవసరం. అందుకే ఒక్కో జతకూ అతి తక్కువ సమయాన్ని మాత్రమే రాసుకుంటూ పోతుంది. n షాపులకు పని సుమారు n²·2ⁿ. 9 షాపులకు ఇది దాదాపు 41 వేలు, 14 షాపులకు 32 లక్షలు. పైథాన్ కూడా దీన్ని చకచకా చేసేస్తుంది.

రెండు వంతెనలున్నప్పుడు 'ఒక్కసారే దాటాలి' అన్న మాటకు పూర్తి హామీ ఉండదు. ఎగువ వంతెన దాటగానే ఉన్న ఒకటి రెండు షాపులను ఒకసారి, దిగువన ఉన్నవాటిని ఇంకోసారి తిరగడం లాభం కావచ్చు. అందుకని 22 షాపులకూ కలిపి అదే పద్ధతిని సి++ లో ఒకసారి నడిపాం. పని 200 కోట్ల చిల్లర, కొన్ని వందల ఎమ్‌బీ మెమరీ కావాలి. రోజూ చేసుకునేది కాదు గాని సరిచూడటానికి బాగుంటుంది. రెండు జవాబులూ ఒకటే వచ్చాయి. ఒకసారే దాటడం మంచిదని ఈ షాపులకు తేలింది.

జవాబు ఏమిటంటే ఎగువ వంతెన మీదుగా లోపలికి, దిగువ వంతెన మీదుగా బయటికి. డివైడర్ రోడ్డు మీది షాపుల్లో ఎక్కువ భాగం ఆ దిశలో పోతే ఎడమ చేతికి వస్తాయి. అదే గుండ్రాన్ని తిరగేస్తే కిలోమీటర్లు పెద్దగా పెరగవు, కాని పది నిమిషాలకు పైగా యూటర్న్‌లలో పోతుంది. గాలి దూరాలతో గాని, రెండు దిశలు ఒకటే అనుకున్న పట్టికతో గాని ఈ తేడా ఎన్నటికీ కనిపించేది కాదు. అక్కడ రెండు దిశలూ సమానమే.

డ్రైవర్‌కి తెలిసినవి, పది గంటల గడువు

వరుస కాగితం చూసి డ్రైవర్ అన్న వెంటనే ఒక చోట వేలు పెట్టాడు. "సార్, ఈ దోవ మ్యాప్‌లో ఉంటాది గాని పొద్దున పూట బండి దూరదు. కూరగాయల తోపుడు బండ్లు నిలబెట్టింటారు. చుట్టూ తిరిగి పోవల్ల."

ఇలాంటి మాట విన్నప్పుడు చాలామంది వరుసలో ఆ రెండు షాపులను చేతితో మార్చేస్తారు. అలా చేయకూడదని నా గట్టి అభిప్రాయం. ఒక చోట చేత్తో కదిపితే మిగతా వరుస ఇక అత్యుత్తమం కాదు. పైగా రేపు లెక్క మళ్లీ నడిపితే ఆ సందే మళ్లీ వస్తుంది. డ్రైవర్‌కి తెలిసింది పట్టికలోకి పోవాలి. ఆ సందును ఉదయం వేళ మూసి ఉన్నట్టు రాసి, పట్టిక మళ్లీ తీసి, లెక్క మళ్లీ నడిపాం. ఆ రెండు షాపులే కాదు, వాటికి దూరంగా ఉన్న ఇంకో షాపు స్థానం కూడా మారింది. చేత్తో మార్చి ఉంటే ఆ మార్పు ఎవరికీ తట్టేది కాదు.

తర్వాతది గడువు. ఆసుపత్రులకు అనుబంధంగా ఉన్న మూడు షాపులు ఉదయం పది లోపు సరుకు కావాలంటాయి. ఒకటి ఈవల, రెండు కల్లూరులో. ఇక్కడ షాపు దగ్గర ఆగే సమయం కూడా లెక్కలోకి వస్తుంది. ఒక్కో చోట అయిదు నిమిషాలు ఆగితే అది ఏ వరుసకైనా ఒకే మొత్తం కాబట్టి వరుసను మార్చదు. కాని పది గంటలకు బండి ఎక్కడుంటుందన్నది దాని మీదే ఆధారపడుతుంది.

హెల్డ్–కార్ప్ పద్ధతిలో గడువు పెట్టడం తేలిక. ఒక షాపుకి చేరే అతి తక్కువ సమయమే గడువు దాటిపోతే ఆ దారిని కొట్టేయడమే. కల్లూరును ఒకే షాపుగా చూస్తున్నాం కాబట్టి దాని గడువును వెనక్కి లెక్కించాలి. ఎగువ వంతెన నుంచి ఆసుపత్రి షాపుకి, మధ్యలో ఆగే సమయాలతో సహా, 35 నిమిషాలు పడితే వంతెన దగ్గరికి 9.25 లోపు చేరాలి. రెండు ఆసుపత్రి షాపుల్లో ఏది ముందు గడువు ఇస్తే అదే కల్లూరు గడువు. ఇందులో ఒక పరిమితి ఉంది. కల్లూరు లోపలి వరుసను గడువు చూడకుండా కట్టాం. ఆసుపత్రి షాపు లోపలి వరుసలో చివరికి పడి ఉంటే, కాస్త పొడవైన లోపలి వరుసలను కూడా వరుసగా పెట్టి చూడవలసి వచ్చేది. ఇక్కడ ఆ అవసరం రాలేదు. గడువు వల్ల కల్లూరు ప్రయాణం కాస్త ముందుకు జరిగింది, మొత్తం మీద నాలుగు నిమిషాలు పెరిగింది. యజమాని సంతోషంగా ఒప్పుకున్నారు.

పాత అలవాటు వరుసలో మీటరు 38, 40 కిలోమీటర్ల మధ్య చూపించేది. కొత్త వరుసలో 31, 32 చూపిస్తోంది. డ్రైవర్ అన్నకు కిలోమీటర్ల కంటే ఇంకో మార్పు ఎక్కువ నచ్చింది. వరుస ముందే తెలుసు కాబట్టి చివరి షాపు పెట్టెలు ముందు ఎక్కించి, మొదటి షాపు పెట్టెలు తలుపు దగ్గర పెడుతున్నారు. ప్రతి చోటా పెట్టెలు వెతికే పని తప్పింది.

అన్ని షాపులూ ఆర్డర్ ఇవ్వని రోజు

రోజూ 22 షాపులూ ఆర్డర్ ఇవ్వవు. అయిదారు తగ్గే రోజులుంటాయి. ప్రతి ఉదయం లెక్క మళ్లీ నడిపి కొత్త వరుస ఇవ్వవచ్చు. కాని రోజుకో వరుస అయితే డ్రైవర్ ప్రతి మలుపు దగ్గరా కాగితం చూసుకోవాలి, షాపువాళ్లకు బండి ఏ వేళకు వస్తుందో తెలియదు. అందుకే మూల వరుస ఒకటే ఉంచి, ఆర్డర్ లేని షాపును దాటేసి పొమ్మన్నాం. రోడ్డు మీద అత్యల్ప సమయాల పట్టిక కాబట్టి మధ్యలో ఒక షాపు తీసేస్తే మొత్తం పెరగదు. ప ముందు, బ తర్వాత ఉన్న ఫ ను దాటేస్తే, ప నుంచి బ కి నేరుగా పోవడం ఫ మీదుగా పోవడం కంటే ఎక్కువ కాలేదు. ఈ గుణం మీ పట్టికలో నిజంగా ఉందో లేదో అన్ని మూడేసి చోట్లకూ పరీక్షించండి. చేత్తో అంకెలు మార్చిన చోట ఇది తరచుగా చెడుతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం మూల వరుస వదిలేసి లెక్క మళ్లీ నడుపుతాం. కల్లూరు వైపు ఆర్డర్లు మూడో నాలుగో ఉండి, అవన్నీ ఒకే వంతెన దగ్గర ఉన్న రోజు. అప్పుడు ఎగువన దాటి దిగువన తిరిగి రావడం దండగ. పోయిన వంతెన మీదే తిరిగి రావడం మేలు. వానాకాలంలో హంద్రీ పొంగి ఒక వంతెన మీద బండ్లు ఆపేసిన రోజుకు కూడా జవాబు ముందే తయారుగా ఉంది. నాలుగు జతల లెక్కల్లో ఎగువ–ఎగువ, దిగువ–దిగువ జతల వరుసలు దాచిపెట్టాం. ఏ వంతెన తెరిచి ఉంటే ఆ కాగితం డ్రైవర్ చేతికి వెళ్తుంది.

యజమాని రెండో ఆటో తీసుకోవాలని చూస్తున్నారు. అప్పుడు ఇది ఒక బండి వరుస కాదు, ఏ షాపు ఏ బండికి అన్న పంపకం కూడా అందులో కలుస్తుంది. ఆ సమస్యను వెహికిల్ రూటింగ్ అంటారు. ఒక బండి ఈవల, ఒక బండి కల్లూరులో అన్నది చూడగానే సబబుగా అనిపిస్తుంది. కాని 13 షాపుల బండికి, 9 షాపుల బండికి పని సమానం కాదు. గడువున్న రెండు షాపులు కల్లూరు బండి మీదే పడతాయి. గోడౌన్ ఈవల ఉంది కాబట్టి కల్లూరు బండి ఎలాగూ వంతెన దాకా ఈవలి రోడ్ల మీదే పోతుంది. ఆ దారిలో ఉన్న రెండు మూడు ఈవలి షాపులను దానికే ఇస్తే మొదటి బండి ఎన్ని నిమిషాలు ముందుగా తిరిగొస్తుందో ఇప్పుడు లెక్క వేస్తున్నాం.